500డి అడిగితే 550 దించారు: వెనక్కి పంపడం మొండితనమా?

కొత్తిల్లు_తాడేపల్లి:
జీ ప్లస్ టూ ఇంటికి ఆరు టన్నుల స్టీలు ఆర్డరిచ్చాను. కోటేషన్‌లోనూ, అడ్వాన్స్ రసీదులోనూ 500డి అనే ఉంది. నిన్న రాత్రి లోడు దిగింది. 8, 12 ఎంఎం సరిగ్గానే వచ్చాయి, 16 ఎంఎం రెండు టన్నులు మాత్రం 550 పంపారు. ముందు ఒక్క మాట చెప్పలేదు. ఫోన్ చేస్తే "500డి స్టాక్ లేదండి, పై గ్రేడే కదా, అదే రేటుకి ఇచ్చాం" అంటున్నారు. మేస్త్రీ చలానా మీద సంతకం పెట్టేశాడు, పొద్దున్నే ఆరు ఊచలు కోసేశారు కూడా. వెనక్కి పంపే హక్కు నాకుందా? పంపితే ఏమని రాయాలి?

ఇనుము_కొట్టు_ఏలూరు:
నేను అమ్మే వైపు మనిషిని, ఆ వైపు మాటే చెప్తాను. ఒక్కో సైజు ఒక్కోసారి దొరకదు. లోడు ఆపితే "పని ఆగిపోయింది" అని మళ్లీ మీరే అరుస్తారు. ఆయన తక్కువ గ్రేడు పంపి ఎక్కువ రేటు వెయ్యలేదు కదా. చెప్పకుండా పంపడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ 550 బలం 500 కంటే ఎక్కువ. కిలోకి రెండు రూపాయలు తగ్గించమని అడిగి ఉంచుకోండి. రెండు టన్నులు మళ్లీ ఎక్కించి, దించి, కాటా వేసే ఖర్చు చివరికి ఎవరో ఒకరి నెత్తినే పడుతుంది. అయినా ఆరు ఊచలు కోశాక సరుకు మీదే.

సైటు_ఇంజనీర్:
అన్నా, "పై గ్రేడు" అనే మాట దగ్గరే అసలు గొడవంతా ఉంది. 500, 550 అనే అంకెలు ఊచ ఎంత లాగుడుకి లొంగుతుందో చెప్తాయి. లొంగాక తెగే లోపు ఎంత సాగుతుందో చెప్పేది పక్కనున్న డి అక్షరం. ఊచల ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం 500డి కనీసం 16 శాతం సాగాలి. డి లేని 550కి 10 శాతం చాలు.

చేతిలో ఊచ పట్టుకుని చూడండి. 16 ఎంఎం ఊచ మీద 80 ఎంఎం దూరంలో రెండు గీతలు గీసి, తెగేదాకా మిషన్‌లో లాగుతారు. తెగిన ముక్కలు కలిపి కొలిస్తే 500డిలో ఆ గీతల మధ్య దాదాపు 93 ఎంఎం ఉండాలి. 550లో 88 ఉన్నా పాసే. ఈ 5 ఎంఎం తేడా మామూలు రోజుల్లో ఇంటికి తెలీదు. భూమి ఊగినప్పుడు పిల్లర్, బీమ్ కలిసే చోట ఊచ సాగి దెబ్బని మింగాలి. అక్కడ బలం ఒక్కటే చాలదు.

ఇంకోటి, భూకంప డిజైన్‌కి వాడే ఐఎస్ 13920 కూడా 500, 550 గ్రేడ్లలో 14.5 శాతం పైన సాగే ఊచలే వాడమంటుంది. డి లేని 550కి ఆ హామీ లేదు. మీ ఇంజనీర్ డ్రాయింగ్ మీద ఆ కోడు పేరుంటే ఇక బేరానికి చోటే లేదు. కిలోకి రెండు రూపాయలు తగ్గిస్తే ఊచ ఎక్కువ సాగదు కదా.

ఇనుము_కొట్టు_ఏలూరు:
టెస్ట్ సర్టిఫికెట్ చూశారా? 550 అని అమ్మే ఊచలు కూడా చాలాసార్లు 15, 16 శాతం సాగుతాయి. పది అన్నది కనీసం మాత్రమే.

సైటు_ఇంజనీర్:
నిజమే, అలా వచ్చే హీట్లు, అంటే ఒకేసారి కరిగించి పోసిన బ్యాచ్‌లు, ఉంటాయి. అయితే ఆ సర్టిఫికెట్ మీద హీట్ నంబరూ, మన కట్టకి కట్టిన ట్యాగ్ మీద హీట్ నంబరూ ఒకటే అయ్యుండాలి. కొట్టులో ఫైల్లోంచి తీసిన పాత జిరాక్స్‌తో పని జరగదు. రెండు టన్నుల్లో మూడు హీట్లు కలిస్తే మూడు సర్టిఫికెట్లు కావాలి. అన్నీ తెచ్చినా సరే అనాల్సింది డిజైన్ చేసిన ఇంజనీర్. కొట్టు ఓనరూ, మేస్త్రీ, నేనూ కాదు.

ట్యాక్స్_పని_చేస్తా:
టైము చూసుకోండి బ్రదర్! ఈ-వే బిల్లు మీద 72 గంటల్లో రిజెక్ట్ కొట్టకపోతే సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. జీఎస్టీ రూల్స్‌లో స్పష్టంగా ఉంది. మూడు రోజులు దాటితే మీకు ఏ హక్కూ ఉండదు.

కోర్టు_కాగితాలు:
రూలు ఉంది, దాని అర్థం మీరు చెప్పింది కాదు. 72 గంటల్లో చెప్పకపోతే ఒప్పుకున్నట్టు లెక్క వేసేది ఈ-వే బిల్లులోని వివరాలని. అది పన్ను పోర్టల్ కోసం పెట్టిన లెక్క. పైగా అది జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి. ఈయన సొంతిల్లు కట్టుకుంటున్నారు. తొందరపడమన్న సలహా మాత్రం మంచిదే.

సరుకు ఒప్పుకున్నట్టా కాదా అన్నది 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం చెప్తుంది. వర్ణన చెప్పి అమ్మితే సరుకు ఆ వర్ణనకి సరిపోవాలి, ఇది 15వ సెక్షన్. 500డి అని రసీదులో రాశాక 550 ఎంత గొప్పదైనా అది వేరే సరుకే. 37వ సెక్షన్‌లో మీకు పనికొచ్చేది ఇంకొకటుంది. అడిగిన సరుకుతో వేరే రకం కలిపి పంపితే, సరైనది ఉంచుకుని మిగతాది తిప్పికొట్టొచ్చు, మొత్తం తిప్పికొట్టినా చెల్లుతుంది. కాబట్టి 8, 12 ఎంఎం మీద గొడవ పెట్టుకోనక్కర్లేదు.

చలానా మీద సంతకం గురించి టెన్షన్ వద్దు. దించుకున్నామన్న రుజువు వరకే అది. చూసుకునే అవకాశం దొరికేదాకా ఒప్పుకున్నట్టు కాదని 41వ సెక్షన్ అంటుంది. ఆరు ఊచలు కొయ్యడం మాత్రం ఇబ్బందే. 42వ సెక్షన్ ప్రకారం, అమ్మినవాడి సొత్తుగా ఉంచకుండా సొంత సరుకులా వాడితే ఒప్పుకున్నట్టు లెక్క. "గ్రేడు చూడకముందే పనివాళ్లు కోశారు" అని మీరంటారు, "కోశారంటే చూసినట్టే" అని వాళ్లంటారు. ఎటైనా వాదించొచ్చు. ఏడో ఊచ కోస్తే మాత్రం మీ వైపు వాదన చాలా పల్చబడిపోతుంది, ఎందుకంటే ఇప్పుడు మీకు తెలుసు.

హాస్టల్_అక్క:
మాది లేడీస్ హాస్టల్. పోయినేడు పాత బియ్యం చెప్తే కొత్త బియ్యం వేశారు, యాభై బస్తాలు. వాళ్లే బస్తాకి యాభై తగ్గిస్తామంటే సరేనన్నాను. రోజూ అన్నం ముద్దైపోవడం, పిల్లలు కంచాల్లో వదిలెయ్యడం. నెలాఖర్లో మిగతా బస్తాలు మార్చమంటే "తగ్గింపు తీసుకున్నారుగా అమ్మా" అన్నారు. నా దగ్గర మాట లేకపోయింది. ఇనుము సంగతి నాకు తెలీదు తమ్ముడూ. వాళ్లు తగ్గింపు ఇస్తామంటే వెంటనే ఊఁ అనకు.

కొత్తిల్లు_తాడేపల్లి:
థాంక్స్ అక్కా. డ్రాయింగ్ చూశాను, ఐఎస్ 13920 అని ఉంది. కోత ఆపించాను. ఊచ మీద ఉబ్బెత్తు అక్షరాల్లో 550 అనే ఉంది, పక్కన డి లేదు. ఇప్పుడు రాయడం ఎలా?

సైటు_ఇంజనీర్:
ముందు ఫోటోలు. ఊచ మీద గ్రేడు, కట్టల ట్యాగులు, చలానా, కోసిన ముక్కలు. తర్వాత ఆ కట్టలు దుంగల మీద విడిగా పేర్చి చివర్లకి ఎర్ర రంగు వెయ్యండి. కాంక్రీటు పడ్డాక ఏ ఊచ ఏదో దేవుడికే తెలియాలి. ఆ తర్వాత వాట్సాప్‌లోనూ, మెయిల్లోనూ ఇలా పంపండి. కోపం మాట ఒక్కటి కూడా వద్దు:

"ఈ నెల 4న ఇచ్చిన ఆర్డరులో 16 ఎంఎం 500డి రెండు టన్నులు అడిగాం. నిన్న వచ్చినవి 550. దీనికి మా అనుమతి లేదు, ఈ రెండు టన్నులు మేము ఒప్పుకోవడం లేదు. 8, 12 ఎంఎం ఒప్పుకున్నాం, వాటి డబ్బు అనుకున్న ప్రకారం ఇస్తాం. గ్రేడు గమనించక ముందు ఆరు ఊచలు కోశారు, సుమారు 114 కిలోలు, వాటి సంగతి విడిగా మాట్లాడదాం. మిగతావి విడిగా భద్రపరిచాం, మీ ఖర్చుతో తీసుకెళ్లండి.

వీటి బదులు మేము ఒప్పుకునేవి: ఒకటి, అదే కంపెనీ 16 ఎంఎం 500డి, శుక్రవారం సాయంత్రం లోపు. రెండు, వేరే కంపెనీ 500డి అయితే ఐఎస్ఐ గుర్తు, హీట్ నంబరు కలిసే టెస్ట్ సర్టిఫికెట్ లోడు ఎక్కించక ముందే పంపి, మా ఇంజనీర్ రాతపూర్వకంగా సరే అన్నాక. డి లేని 500, 550 తగ్గింపుతో ఇచ్చినా ఒప్పుకోం. శుక్రవారానికి రెండూ కుదరకపోతే ఈ రెండు టన్నుల వరకు ఆర్డరు రద్దు, దానికి చెల్లిన అడ్వాన్స్ తిరిగివ్వండి."

"ఏదో ఒకటి మంచిది పంపండి" అని మాత్రం రాయొద్దు. రాస్తే రేపు ఇంకో కొత్త గ్రేడు దిగుతుంది, మళ్లీ ఇదే గొడవ.

ఇనుము_కొట్టు_ఏలూరు:
ఉత్తరం పద్ధతిగానే ఉంది. ఇలా రాస్తే నేనైతే మారుస్తాను. కానీ 550డి ఎందుకు వదిలేశారు? బలం ఎక్కువ, సాగుడు 14.5 ఉంటుంది. కోడు కూడా కాదనదే.

సైటు_ఇంజనీర్:
కోడు అంకెకి సరిగ్గా అంచు మీద నిలబడుతుంది. ఇంకో సంగతి ఉంది. బీమ్‌లో పడుకునే ఊచలు డిజైన్ కంటే గట్టివైతే, ఊగినప్పుడు బీమ్ ఎక్కువ బరువు మోస్తుంది. ఆ అదనం పిల్లర్ మీదకీ, రింగుల మీదకీ పోతుంది. రింగులు 500 లెక్కకి వేసినవి. అందుకే 550డి గురించి డిజైన్ చేసినాయన మళ్లీ లెక్క చూడాలి, నేను ఇక్కడ కూర్చుని సరే అనలేను.

ఇనుము_కొట్టు_ఏలూరు:
మా దగ్గర్నించి 550డి తీసుకెళ్లి ఎన్నో అపార్ట్‌మెంట్లు కట్టారు.

సైటు_ఇంజనీర్:
డిజైనర్ ముందే 550డి అనుకుని లెక్క వేసినవి అయ్యుంటాయి. మధ్యలో మార్చడం వేరే సంగతి. ఈ ముక్క మీద నీతో నాకు కుదరదన్నా.

ట్యాక్స్_పని_చేస్తా:
72 గంటల సంగతి నేను తప్పుగా చెప్పాను, సారీ. ఒక ప్రశ్న. వాళ్లు లారీ పంపకపోతే ఈయన సొంత ఖర్చుతో తిరిగి చేర్చాలా?

కోర్టు_కాగితాలు:
వేరే ఒప్పందం లేకపోతే అక్కర్లేదు. ఒప్పుకోవడం లేదని తెలియజేస్తే చాలని 43వ సెక్షన్ చెప్తుంది. సరుకు మాత్రం జాగ్రత్తగా ఉంచాలి, అమ్మెయ్యకూడదు, వాడకూడదు.

కొత్తిల్లు_తాడేపల్లి:
మెసేజ్ పంపిన గంటకి ఫోన్ వచ్చింది. మొదట కేకలు వేశారు, తర్వాత గురువారం వేరే కంపెనీ 500డి పంపిస్తామన్నారు. సర్టిఫికెట్ ముందు పంపమన్నాను, పంపారు. ట్యాగ్ ఫోటో మాత్రం ఇంకా రాలేదు. కోసిన ఆరు ఊచలకి పూర్తి రేటు కట్టమంటున్నారు. సగం ఇస్తానన్నాను, తేలలేదు. మా ఇంజనీర్ ఆ ముక్కల్ని పిల్లర్లలో వద్దన్నారు, కాంపౌండ్ గోడకి వాడుకోవచ్చట.

కోర్టు_కాగితాలు:
గోడకి వాడదలిస్తే ఆ 114 కిలోల డబ్బు కట్టెయ్యండి. వాడుకుంటూ సగం అంటే మీ మాట నిలబడదు.

సైటు_ఇంజనీర్:
ట్యాగ్ ఫోటో వచ్చేదాకా లారీ బయల్దేరనివ్వొద్దు. ఈసారి దించేటప్పుడు మేస్త్రీ కాకుండా మీరే ఉండండి. ప్రతి కట్టలో ఒక ఊచ తిప్పి అక్షరాలు చదివాకే చలానా మీద సంతకం, దాని పక్కనే "16 ఎంఎం 500డి చూసి దించుకున్నాం" అని రాయండి. రాత్రి లోడు వస్తే టార్చ్ పెట్టుకోండి, చీకట్లో డి కనిపించదు.