టీవీకి 3,800 పెట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవచ్చా?

మాది కావలి. పోయిన వారం నెల్లూరులో 43 అంగుళాల టీవీ 31,000కి కొన్నాం. కంపెనీ వారంటీ ఒక ఏడాది. ఆ పైన ఇంకో రెండేళ్లకు 3,800 కట్టమని షాపు వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. గడువు ఈ ఆదివారమేనట.

మామూలుగా అయితే వద్దనేవాణ్ణే. కానీ పాత టీవీకి మూడో ఏడు తెర మధ్యలో నిలువుగా ఒక పచ్చ గీత వచ్చింది. వారం తిరిగేసరికి నాలుగయ్యాయి. మెకానిక్ చూసి, ప్యానెల్ పోయింది, 18,000 అవుతుందన్నాడు. ఇంకేం బాగు చేయిస్తాం, మూలన పెట్టేశాం. అదే బ్యాక్‌లైటో, పవర్ బోర్డో అయితే రెండు మూడు వేలల్లో తేలిపోయేది. అంటే నేను 3,800 కట్టేది ప్యానెల్ భయానికే.

తీరా కాగితం తెచ్చి చదివితే, ప్యానెల్‌కు వర్తిస్తుందని ఉంది కానీ తెర పగిలినా, పిడుగు పడినా, కరెంటు హెచ్చుతగ్గులతో కాలినా ఇవ్వరట. మా వీధిలో వానాకాలం టీవీలు పోయేదే అలా! పైగా మూడో ఏడు టీవీ విలువలో 40 శాతం తగ్గించి లెక్క కడతారట. అంటే 18,600 దాటి రాదు.

ప్యానెల్ పోయి ఇలాంటి వారంటీలో క్లెయిమ్ చేసినవాళ్లున్నారా అండీ? కొత్త ప్యానెల్ వేశారా, డబ్బిచ్చారా? కరెంటు వల్లే పోయిందని తోసేశారా? లేక ఆ 3,800తో మంచి స్టెబిలైజర్ కొనుక్కోవడం మేలా?