తద్దినం తిథికి, రోజూ సుప్రభాతానికి ఫోన్ యాప్‌ను నమ్మవచ్చా?

కొర్లగుంట కోడలు
ఇంట్లో అత్తమ్మ, మేమిద్దరం, పిల్లలు. పొద్దున సుప్రభాతం, రోజూ తిథి, పండగలకు అలారం అన్నీ ఒకే యాప్‌లో పెట్టుకున్నాం. ఇప్పుడు మామయ్య తద్దినం దగ్గర చిక్కొచ్చింది. తిథి శ్రావణ బహుళ పంచమి. మా ఫోను మంగళవారం అంటా ఉంది. అమెరికాలో మరిది ఫోన్లో అదే యాప్ సోమవారం చూపిస్తా ఉంది. అత్తమ్మ యాప్ తీసేయమంటోంది, మా ఆయన క్యాలెండరు కంటే యాపే మేలంటారు. ఏది నమ్మేది?

బైరాగిపట్టెడ కుర్రాడు
అక్కా, ఇది లొకేషన్ తేడా, అంతే. తిథి మొదలయ్యే క్షణం లోకమంతటికీ ఒకటే, గడియారాలు వేరు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజు ఆ తిథి. మీ మరిదికి అక్కడి సూర్యోదయం, మీకు తిరుపతి సూర్యోదయం. మీ యాప్‌లో ఊరు తిరుపతి అనే ఉందో లేదో చూడండి. చాలా యాప్‌లు మొదట ఢిల్లీ పెట్టుకుని ఉంటాయి. జనవరిలో అక్కడ సూర్యోదయం మనకంటే అరగంట ఆలస్యం, ఆ అరగంటలో తిథి మారితే పండగే మారిపోతుంది. ఊరు సరిగ్గా ఉంటే మంగళవారమే చేయండి. గోడ క్యాలెండరుకు మీరు ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు, యాప్‌కు తెలుసు.

శ్రీవారి సేవకురాలు
సుప్రభాత సేవ టికెట్లు టీటీడీ వెబ్‌సైటులో, వాళ్ల సొంత యాప్‌లో నెలల ముందే విడుదల చేస్తారమ్మా. వేరే భక్తి యాప్‌లో సేవ బుకింగ్ అని కనిపిస్తే డబ్బు కట్టొద్దు.

కొర్లగుంట కోడలు
మంచి మాట చెప్పారు అత్తా, కానీ మేం అడిగింది ఇంట్లో పొద్దున వినే పాట గురించి, తద్దినం తేదీ గురించి.

పుత్తూరు అయ్యవారి పెద్దకొడుకు
అమ్మా, తేదీ తేల్చే ముందు ఒక్కటి చెప్పండి. మీ యాప్‌లో సోమవారం గడిలో ఏ తిథి ఉంది, ఎన్ని గంటల వరకు? మంగళవారం గడిలో ఏముంది?

కొర్లగుంట కోడలు
సోమవారం చవితి ఉ.11.02 వరకు. మంగళవారం పంచమి ఉ.9.31 వరకు. ఊరు తిరుపతి అనే ఉంది.

పుత్తూరు అయ్యవారి పెద్దకొడుకు
అయితే మీకు సోమవారమే తద్దినం.

సూర్యోదయ తిథి అన్న మాట రోజువారీ సంకల్పానికి, చాలా వ్రతాలకు సరిపోతుంది. పితృకార్యానికి అది కొలత కాదు. తద్దినానికి అపరాహ్ణంలో ఏ తిథి ఉందో చూస్తారు. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగో భాగం అపరాహ్ణం. శ్రావణ బహుళంలో తిరుపతిలో సూర్యుడు ఆరింటికి అటూఇటూగా ఉదయించి ఆరున్నర దాటాక అస్తమిస్తాడు. పగలు పన్నెండున్నర గంటలు, ఒక్కో భాగం రెండున్నర గంటలు. అంటే మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా.

ఇప్పుడు మీ గడులు చదవండి. సోమవారం పదకొండింటికి చవితి అయిపోయింది. అక్కడి నుంచి పంచమి. ఒంటిగంటన్నరకు పంచమి ఉంది, నాలుగింటికీ ఉంది. మంగళవారం తొమ్మిదిన్నరకే పంచమి వెళ్లిపోయింది, ఆ అపరాహ్ణమంతా షష్ఠి. మంగళవారం పిండం పెడితే షష్ఠిలో పెట్టినట్టు. యాప్ అలారం మంగళవారం పొద్దున మోగేసరికి అసలు రోజు దాటిపోయి ఉంటుంది. నాకు ఈ విషయంలో అందుకే పట్టుదల. పండగ అలారం ఒక రోజు ముందు మోగితే నష్టం లేదు, తద్దినం అలారం ఒక రోజు ఆలస్యమైతే దిద్దుకునే దారి లేదు.

మీ మరిది ఫోనూ తప్పు చెప్పలేదు. మన సోమవారం పదకొండు గంటలంటే అమెరికా తూర్పు తీరంలో వేసవి టైముకు సోమవారం తెల్లవారుజామున ఒంటిగంటన్నర. మన మంగళవారం తొమ్మిదిన్నర అంటే అక్కడ సోమవారం అర్ధరాత్రి. అతనికి సూర్యోదయానికీ పంచమే, అపరాహ్ణానికీ పంచమే. ఇద్దరికీ సోమవారమే వచ్చింది, కారణాలు వేరు. వచ్చే ఏడు ఇలాగే కలుస్తుందని అనుకోకండి, అతను అతని ఊరి లెక్కతో చూసుకోవాలి.

బైరాగిపట్టెడ కుర్రాడు
అయితే యాప్ లెక్క తప్పు కాదు కదా అన్నా? 11.02 అని నిమిషంతో సహా చెప్పింది యాపే.

పుత్తూరు అయ్యవారి పెద్దకొడుకు
లెక్క తప్పు కాదు తమ్ముడూ. నువ్వు ఊరు గురించి చెప్పిందీ నిజమే. తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో యాప్ చక్కగా చెప్తుంది. ఏ పనికి ఏ వేళ తిథి పట్టాలో యాప్ నిన్ను అడగలేదు, సూర్యోదయం పట్టుకుని అలారం పెట్టేసింది. పండగల్లోనూ అంతే. వినాయక చవితికి మధ్యాహ్నం చవితి ఉండాలి, దీపావళికి ప్రదోషంలో అమావాస్య ఉండాలి, సంకష్టహర చవితికి చంద్రోదయం చూడాలి. పేరున్న పండగలకు మంచి యాప్‌లు ఈ నియమాలు లోపలే రాసుకున్నాయి, అందుకే ఆ తేదీలు చాలావరకు సరిగ్గా వస్తాయి. మీరు సొంతంగా పెట్టుకున్న తిథి అలారానికి ఆ నియమం తగలదు. కొన్నిటిలో శ్రాద్ధ తిథి అని విడిగా ఎంచుకునే వీలుంటుంది, ఉంటే అదే పెట్టుకోండి.

చిత్తూరు మేష్టారు
నేను ముప్పైఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, నాకు యంత్రాల మీద కోపం లేదు. అయినా మీ అత్తగారి పక్షమే. టీటీడీ ఏటా ఉగాదికి పంచాంగం అచ్చు వేస్తుంది, అది ఇంట్లో ఉంటే ఈ తిప్పలెందుకు? ఇంకో సంగతి. మా చిత్తూరులో సగం వీధి తమిళం మాట్లాడేవాళ్లే. వాళ్ల పెద్దలు పాత సూత్రాల లెక్కతో వేసే వాక్య పంచాంగం పట్టుకుంటారు, యాప్‌లు చాలావరకు ఆకాశంలో కనిపించే స్థితికి సరిపోయేలా లెక్కకట్టే దృక్ గణితం. రెండింటికీ తిథి ముగిసే వేళలో ఒక్కోసారి గంటల తేడా వస్తుంది. మీ ఉదాహరణలోనే చవితి పదకొండింటికి కాక మూడింటికి ముగిస్తే మీ తీర్పు ఏమవుతుంది? ఇంటి ఆచారం ఏ పంచాంగమో యాప్‌కు ఎలా తెలుస్తుంది?

పుత్తూరు అయ్యవారి పెద్దకొడుకు
మేష్టారూ, వాక్యం మాట ఒప్పుకుంటాను. ఏ ఇల్లు ఏ పంచాంగమో ఆ ఇల్లే చెప్పాలి. కానీ గోడ క్యాలెండరు ఈ చిక్కు నుంచి కాపాడదండీ. దానిలోనూ సోమవారం గడిలో చవితి అనే ఉంటుంది, పంచమి అన్న అక్షరాలు మంగళవారం గడిలోనే కనిపిస్తాయి. చాలామంది ఆ అక్షరాలు చూసి మంగళవారం నిర్ణయించుకుంటారు. ముందురోజు గడిలో తిథి ఎప్పుడు ముగుస్తుందో చదివే అలవాటు ఉండాలి. పుస్తకం రూపంలో వచ్చే పంచాంగాల్లో చాలావాటిలో శ్రాద్ధ తిథి విడిగా వేస్తారు, తద్దినానికి అది మేలు.

పలమనేరు రాణి
మా అమ్మది జ్యేష్ఠ శుద్ధ దశమి. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. మా యాప్ రెండు నెలలకూ అలారం పెట్టుకుంది. మా అన్న రెండుసార్లూ చేయాలంటాడు, చెల్లెలు నిజంలోనే అంటుంది. ఏది సరి?

పుత్తూరు అయ్యవారి పెద్దకొడుకు
మా నాయన చేయించే ఇళ్లలో ఎక్కువమంది నిజ మాసంలోనే చేస్తారు. రెండింటిలోనూ చేసే ఇళ్లూ ఉన్నాయి. అధిక మాసంలోనే పోయినవారి సంగతి మళ్లీ వేరు. ఇది మీ ఇంటి అయ్యవారు చెప్పాల్సిందే రాణమ్మా, నేను ఇక్కడ తీర్పు చెప్పను.

నెలల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఉత్తరాది పద్ధతిలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. యాప్‌లో పూర్ణిమాంతం ఎంచుకుని ఉంటే శ్రావణ బహుళ పంచమి మనకంటే సరిగ్గా నెల ముందు, మన ఆషాఢ బహుళంలో వస్తుంది. కనిపెట్టడం సులువు. కృష్ణాష్టమి తెరిచి చూడండి. శ్రావణ బహుళ అష్టమి అని ఉంటే మన పద్ధతే. భాద్రపదం అని ఉంటే సెట్టింగుల్లో అమాంతం అని మార్చుకోవాలి. దృక్ పంచాంగ్ లాంటి వాటిలో ఊరు, నెల పద్ధతి రెండూ మార్చుకోవచ్చు.

రేడియో శ్రోత, తిరుచానూరు
తద్దినం అయ్యవారి కొడుకు చూసుకున్నారు, నేను పాట గురించి చెప్తాను. సుప్రభాతం నాలుగు భాగాలు. సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. మొత్తం వింటే ఇరవై నిమిషాలకు అటూఇటూ. కొన్ని యాప్‌లలో పెట్టిన రికార్డు 29తో ఆగిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. చివర "శ్రియః కాంతాయ" వినిపిస్తేనే మంగళం పాడినట్టు. పిల్లలు రోజూ విని నేర్చుకుంటారు, వాళ్లకు సగం నేర్పితే నాకు మనసొప్పదు.

ఇంకా మధ్యలో ప్రకటన. స్వామిని మేలుకొలుపుతుంటే అప్పు ఇస్తామని ఒక గొంతు దూరుతుంది. దానికి యాప్‌తో పోరాడొద్దు. నాలుగు భాగాలూ ఉన్న రికార్డు డబ్బు కట్టి ఫోనులో దాచుకుని, ఫోను సొంత గడియారంలో అలారం పాటగా పెట్టండి. నెట్ అక్కర్లేదు, ప్రకటన ఉండదు.

ధనుర్మాసంలో మాత్రం ఆ అలారం మార్చాలి. డిసెంబరు నడిమి నుంచి భోగి దాకా కొండ మీద సుప్రభాతానికి బదులు తిరుప్పావై. ముప్పై పాశురాలు, రోజుకొకటి. అది సౌరమాసం, తిథితో కట్టిన అలారానికి దొరకదు. తేదీలతోనే పెట్టుకోవాలి.

బైరాగిపట్టెడ కుర్రాడు
ఫోను సొంత గడియారం అన్నారు, దానికి నేనూ సరే అంటా. యాప్ అలారాలు మోగకపోవడానికి అసలు కారణం ఆండ్రాయిడ్. 13 నుంచి నోటిఫికేషన్‌కు విడిగా అనుమతి ఇవ్వాలి. 14లో కొత్తగా వేసిన యాప్‌కు కచ్చితమైన టైముకు మోగే అనుమతి మామూలుగా ఉండదు, `Alarms & reminders` అన్న చోట మనమే ఇవ్వాలి. బ్యాటరీ ఆదా పెట్టి ఉంటే కొన్నాళ్లు తెరవని యాప్ నిద్రపోతుంది. యాప్ సెట్టింగుల్లో బ్యాటరీ దగ్గర `Unrestricted` పెట్టండి. రేపటికి ఏదో ఒక అలారం పెట్టి, ఫోను రాత్రంతా ముట్టుకోకుండా వదిలేయండి. పొద్దున మోగకపోతే ఆ ఫోనులో ఆ యాప్‌ను పండగకు నమ్మకండి.

కొర్లగుంట కోడలు
మా అయ్యవారికి ఫోన్ చేశాం, ఆయనా సోమవారమే అన్నారు. మరిదికీ చెప్పాం. అత్తమ్మ యాప్ ఉండనిమ్మంది, కానీ తద్దినం తేదీ ఉగాదికే అయ్యవారితో రాయించి ఫోన్ క్యాలెండరులో మామూలు తేదీగా పెట్టమంది, ముందు వారమే గుర్తుచేసేలా.

అన్నా, ఇంకొక్క సందేహం. పంచమి రెండు రోజులూ అపరాహ్ణానికి తగిలితే ఏం చేస్తారు?

పుత్తూరు అయ్యవారి పెద్దకొడుకు
ఏ రోజు ఎక్కువసేపు ఉందో చూస్తారు. అదీ సమానంగా వస్తే తిథి పెరుగుతా ఉందా తరుగుతా ఉందా అని చూస్తారు. అక్కడ మా నాయనా, మా పెదనాయనా ఇద్దరూ ఒక మాట మీద ఉండరు. తిథి వేళలు యాప్ నుంచి రాసుకుని మీ అయ్యవారి ముందు పెట్టండి, రోజు ఆయన చెప్తారు.

చిత్తూరు మేష్టారు
వాక్యం పాటించే ఇల్లయితే వేళలు కూడా యాప్ నుంచి రాసుకోవద్దు.