గార్గాస్ గుహలో వేళ్ళు లేని చేతులు: తెగినవా, మడిచినవా?

హరిత_ఎమ్
ఫ్రాన్స్‌లో గార్గాస్ అనే గుహ ఉంది, గోడల మీద పాతరాతియుగం నాటి చేతి అచ్చులు. చాలావాటికి వేళ్ళు సగమే ఉన్నాయి. అవి నిజంగా తెగిన వేళ్ళా, మడిచి పెట్టారా? వాళ్ళు ఏం చెప్పాలనుకున్నారో ఇన్నేళ్ళ తర్వాత మనం చెప్పగలమా, లేక అంతా ఊహేనా?

రాతిగుండు
అర్థం సంగతి తర్వాత, ముందు గోడ మీద ఏముందో చూద్దాం. చెయ్యి రాతికి ఆనించి చుట్టూ రంగు ఊదారు, చెయ్యి తీసేస్తే దాని ఆకారంలో ఖాళీ మిగిలింది. నల్లవి మాంగనీసుతో, ఎర్రవి జాజుతో. ఇవి 1906లో బయటపడ్డాయి, మొత్తం రెండు వందల చుట్టుపక్కల ఉంటాయి, చెరిగిపోయినవి కలుపుతారా లేదా అన్నదాన్నిబట్టి లెక్క మారుతుంది. సగం దాకా వాటిలో ఏదో ఒక వేలు పొట్టిగా ఉంది, నాలుగు వేళ్ళూ పొట్టిగా ఉన్నవి కూడా చాలానే. బొటనవేలు మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఏ వాదన తెచ్చినా ఈ బొటనవేలికి జవాబు చెప్పాల్సిందే.

కాలం సంగతి కూడా జాగ్రత్తగా చెప్పాలి. మాంగనీసుకీ జాజుకీ కార్బన్ పరీక్ష పనిచెయ్యదు. చేతుల పక్కనే గోడ పగుళ్ళలో ఎవరో ఎముక ముక్కలు దూర్చిపెట్టారు, వాటిలో ఒకదానికి కార్బన్ లెక్కలో సుమారు 27 వేల ఏళ్ళు వచ్చింది. అంటే ఆ వయసు ఎముకది. చేతులూ అప్పటివే అనుకోవడం సబబే కానీ అది మనం వేసుకున్న లంకె.

వేణు_కె
ఇది ఎప్పుడో తేలిపోయిన విషయం కదా. ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త లెరోయ్-గుర్హాన్ 1967లోనే చెప్పాడు, వేళ్ళు మడిచారు, వేటగాళ్ళ సైగలు. వేటలో నోరు తెరిస్తే జంతువు పారిపోతుంది, అందుకే ఒక్కో జంతువుకి ఒక్కో వేలి సైగ. అదే గోడ మీద రాసుకున్నారు. మడిచారు కాబట్టి బొటనవేలు మిగిలింది. ఇంక చర్చ ఏముంది?

రాతిగుండు
మడిచారన్నది ఒక మాట, సైగలన్నది ఇంకో మాట, జంతువుల పేర్లన్నది మూడో మాట వేణు గారూ. మొదటిదానికి కొంత బలం ఉంది. మూడోదానికి ఏ గుర్తు ఏ జంతువుదో సరిచూసుకునే దారే లేదు. మీరు మూడూ ఒకే మూటలో కట్టేశారు.

సూరి_బోర్డులు
నేను ముప్పై ఏళ్ళుగా సైన్‌బోర్డులు రాస్తున్నా, స్టెన్సిల్ పెట్టి స్ప్రే కొట్టడం రోజూ పనే. అరచెయ్యి గోడకి ఆనించి వేలు లోపలికి మడిస్తే ఏమవుతుందో మీరే చెయ్యి పెట్టి చూడండి, మడిచిన వేలు అడ్డంపడి అరచెయ్యి గోడ మీంచి లేస్తుంది, ఆ సందులోకి రంగు పోతుంది, అంచు పొగలా వస్తుంది. శుభ్రంగా రావాలంటే చెయ్యి తిరగెయ్యాలి, చెయ్యి వీపు గోడకి, వేళ్ళు మన వైపు మడవాలి. అప్పుడు అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. గార్గాస్ ఫోటోల్లో పొట్టి వేళ్ళ అంచులు ఎలా ఉన్నాయో ఎవరైనా దగ్గరగా చూశారా?

హరిత_ఎమ్
సూరి గారూ, అలా తిరగేస్తే కుడి చెయ్యి ఎడమ చెయ్యిలా కనపడుతుంది కదా? అక్కడ ఎక్కువ ఎడమ చేతులే అని చదివాను.

సూరి_బోర్డులు
అవునమ్మా, అందుకే ఆ లెక్క నేను నమ్మను. కుడి చేతివాటం వాళ్ళు కుడి చేత్తో రంగు పట్టుకుని ఎడమ చెయ్యి పెట్టారంటారు, బాగానే ఉంది. కానీ వేళ్ళు మడిచిన ప్రతి అచ్చులో అది ఏ చెయ్యో మళ్ళీ తేల్చుకోవాలి. ఫోటోలో అంచు చూడకుండా ఎవరేం చెప్పినా లాభం లేదు.

గంగాధర్_77
నా కుడి చేతికి చూపుడువేలు, మధ్యవేలు రెండు కణుపులు లేవు. పవర్ ప్రెస్‌లో పోయాయి, 24 ఏళ్ళప్పుడు. సెన్సర్ పాడైందని రెండు వారాలు చెప్పాం, ఎవరూ పట్టించుకోలేదు. ఆ షెడ్‌లో నాలాంటి వాళ్ళం నలుగురం. ఎవరికీ బొటనవేలు పోలేదు, ఎందుకంటే షీట్ పట్టుకున్నప్పుడు అది వెనక ఉంటుంది. చలికి పోయినా అంతే, పిడికిలి బిగిస్తే బొటనవేలు లోపలికి దూరుతుంది. మంచుయుగంలో ఉన్న జనానికి వేళ్ళు పోవడం అంత వింతా? సైగలు, కోడ్‌లు ఎందుకు, దెబ్బతిన్న మనుషులు చెయ్యి పెట్టారంతే.

వేణు_కె
అలా అయితే వంద మందికి పైగా వేళ్ళు లేని జనం రెయిన్‌డీర్‌నీ అడవిదున్ననీ ఎలా వేటాడారు? ఆకలితో పోయేవాళ్ళు.

రాతిగుండు
వంద అచ్చులంటే వంద మంది కాదు, ఒకే మనిషి పదిసార్లు పెట్టి ఉండొచ్చు. అయితే గంగాధర్ గారి మాటకీ ఒక చిక్కుంది. ఫ్రాన్స్‌లోనే మార్సెయ్ దగ్గర కోస్కే గుహ ఉంది, దాని ద్వారం ఇప్పుడు సముద్రంలో 37 మీటర్ల లోతున ఉంది, 1991లో లోకానికి తెలిసింది. అక్కడా ఇలాంటి పొట్టి వేళ్ళే. అక్కడి ఇంకో గుహ పెష్ మెర్ల్‌లో మాత్రం నిండు చేతులు. చలి అందరిదీ కదా, అయినా కొన్ని గుహల్లోనే ఇలా ఉందంటే అది అలవాటో ఆచారమో అనిపిస్తుంది. మడవడమైనా ఆచారమే, కోసుకోవడమైనా ఆచారమే.

వేణు_కె
కావాలని ఎవడు కోసుకుంటాడండీ వేళ్ళు? ఎంత ఆటవికులైనా అంత తెలివితక్కువ పని చెయ్యరు.

పద్మజ_పలమనేరు
మాట జాగ్రత్త వేణు గారూ. మేము మొరసు కాపులం. మా పక్క, కోలారు పక్క, మా కులంలో ఆడవాళ్ళు పెద్ద కూతురికి చెవులు కుట్టే ముందు తమ ఉంగరం వేలు, చిటికెన వేలు చివరి కణుపులు దేవుడికి ఇచ్చేవాళ్ళు. ఉలితో కొట్టించుకునేవాళ్ళట. 19వ శతాబ్దంలో మైసూరు సర్కారు ఆపించింది. ఆ తర్వాత వేలికి బంగారు ముక్క పెట్టి తీసేసేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది. ఆయమ్మ ముందు తరాల ఆడవాళ్ళు ఆటవికులు కాదు, సేద్యం చేసి పిల్లల్ని పెంచినోళ్ళు. ఆ చేత్తోనే కలుపు తీసినారు, రాగిముద్ద కెలికినారు.

హరిత_ఎమ్
ఇది నేను ఎప్పుడూ వినలేదు పద్మజ గారూ. ఎందుకు ఇచ్చేవాళ్ళు?

పద్మజ_పలమనేరు
రాక్షసుడు శివుణ్ణి తరుముకుంటా వచ్చినాడు. శివుడు చేలో దాక్కున్నాడు. రైతుని అడిగితే నోటితో చూళ్ళేదన్నాడు, వేలితో మాత్రం దాక్కున్న చోటు చూపించినాడు. రాక్షసుడి పీడ పోయినాక శివుడు ఆ వేలు తెంపుతానన్నాడు. అంతలో పెండ్లాం సద్ది తెచ్చింది. ఆయనకి వేలు లేకపోతే సేద్యం సాగదు, నావి రెండు తీసుకో అనింది. అప్పట్నుంచీ ఆడబిడ్డలు ఇస్తా వచ్చినారు.

రాతిగుండు
పద్మజ గారూ, దండం. ఈ కథ తెలియకుండా ఆ తల్లుల చేతి అచ్చు ఒకటి మన ముందు పెడితే మనం ఏం చెప్పగలం? రెండు వేళ్ళు పొట్టి అంటాం. ఎన్నో అచ్చుల్లో అవే రెండు వేళ్ళయితే ప్రమాదం కాదు, ఆచారం అంటాం. చేతుల సైజు కొలిచి ఆడవాళ్ళవి కావచ్చని కూడా అంటాం. అక్కడికి రావచ్చు. చేను, రాక్షసుడు, సద్ది తెచ్చిన భార్య, ఇవేవీ వేలిలో లేవు. మాట పోయిందంటే కథ పోయినట్టే. గార్గాస్‌లో మనకి మిగిలింది చేసిన పని మాత్రమే.

వేణు_కె
అంటే అర్థం వెతకడమే మానేద్దామా? ఏమీ తెలీదు అని చేతులెత్తేస్తే ఆ మనుషులు ఆలోచన లేని జంతువులని ఒప్పుకున్నట్టే కదా. నాకు కోపం వచ్చేది అక్కడే. వాళ్ళకీ భాష ఉంది, భావం ఉంది అని నేను చెబుతుంటే మీరు ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తున్నారు.

పద్మజ_పలమనేరు
అసలు గొడవ అదా! అయితే నా కోపం కూడా విను. మా కొట్టం గోడకి సున్నంలో చెయ్యి ముంచి అద్దుతాం. ఒకాయన కెమెరాతో వచ్చినాడు, నన్ను అడగలా, మా అమ్మని అడగలా, దిష్టి తగలకుండా దుష్టశక్తుల్ని తరమడానికి అని పత్రికలో రాసేసినాడు. మా అమ్మకి అవి దూడల లెక్క. ఆ ఏడు ఈనిన ఒక్కో ఆవుకి ఒక్కో చెయ్యి. మేం బతికి ఉండగానే మా అర్థం మార్చేసినారు. ఇరవై ఏడు వేల ఏండ్ల కింద చచ్చిపోయినోళ్ళు వచ్చి కాదని చెప్పలేరు కదా, వాళ్ళ నోట్లో నువ్వు మాట పెడితే అది గౌరవమా?

వేణు_కె
…నేను ఆటవికులు అన్నది వెనక్కి తీసుకుంటున్నా అక్కా. తప్పు మాట. కానీ సైగలన్న వాదన వదలను.

కొండపల్లి_రాజా
వీనస్ బొమ్మలనే చిన్న ఆడబొమ్మలు కూడా ఆ కాలానివే కదా, అవి మాతృదేవతలని తేలింది. ఈ చేతులు కూడా ఆ దేవతకి మొక్కే అయ్యుంటాయి.

రాతిగుండు
తేలలేదు రాజా గారూ. వాటిలో పేరున్న విల్లెన్‌డార్ఫ్ బొమ్మ 1908లో ఆస్ట్రియాలో దొరికింది, 11 సెంటీమీటర్లు, పాదాలు లేవు, ఎర్ర జాజు ఆనవాళ్ళున్నాయి. నిలబెట్టలేని బొమ్మ కాబట్టి చేతిలో పట్టుకునేవారేమో అనేదాకా రావచ్చు. దేవత అన్నది మన గుళ్ళలోంచి తీసుకెళ్ళి అక్కడ పెట్టిన మాట.

గంగాధర్_77
ఎవరూ ఒక మాట అనలేదు, నేను అంటా. ఆచారం అన్నా, సైగ అన్నా, మీరందరూ దెబ్బతిన్న చెయ్యికి ఏదో పెద్ద కారణం కావాలంటున్నారు. పెళ్ళిచూపుల్లో నా చెయ్యి చూసి పూర్వజన్మ పాపం అన్నవాళ్ళున్నారు. పాపమూ కాదు, మొక్కూ కాదు, సెన్సర్ పాడైంది. గుహలో ఒకడికైనా అలా అయ్యుండదా?

రాతిగుండు
అయ్యుండొచ్చండీ. కొన్ని తెగినవి, కొన్ని మడిచినవి, రెండూ ఒకే గోడ మీద ఉండొచ్చు. అన్నిటికీ ఒకే కారణం ఉండాలని నేనూ అనుకుంటూ వచ్చాను, దానికి ఆధారం లేదు.

సూరి_బోర్డులు
రాత్రి చేసి చూశాను. జాజు నూరి నీళ్ళలో కలిపి, బొప్పాయి కాడతో ఊది, ఇంటి వెనక బండ మీద. అరచెయ్యి ఆనించి ఉంగరం వేలు మడిస్తే మడత దగ్గర వేలెడు వెడల్పున మసక. చెయ్యి వీపు ఆనించి మడిస్తే శుభ్రమైన అంచు, పైన గుండ్రంగా. గంగాధర్ అన్నా, మీకు ఇబ్బంది లేకపోతే మీ చెయ్యి కూడా అలా పెట్టి ఫోటో పంపుతారా? అరచెయ్యి ఆనించి ఒకటి, వీపు ఆనించి ఒకటి.

గంగాధర్_77
పంపాను. మా పాపే ఊదింది, చొక్కా అంతా ఎరుపు.

సూరి_బోర్డులు
మీ అచ్చు, నా అచ్చు పక్కపక్కన పెట్టి ఇంట్లో నలుగురికి చూపించాను. వీపు ఆనించినవాటిలో ఏది తెగిన వేలో ఇద్దరు ఒకలా, ఇద్దరు ఇంకోలా చెప్పారు. అరచెయ్యి ఆనించినవాటిలో మాత్రం అందరూ సరిగ్గా పట్టేశారు, మీ అంచు శుభ్రంగా ఉంది, నాది పొగ. కాబట్టి గార్గాస్‌లో ముందు ఏ అచ్చు అరచేతితో పెట్టారో, ఏది వీపుతో పెట్టారో తేలాలి. గరుకు గోడ మీద అది ఎలా తేలుస్తారో రాతిగుండు గారే చెప్పాలి.

రాతిగుండు
అరచెయ్యి, వీపు రెండూ ఒకే ఆకారం ఇస్తాయి సూరి గారూ. మణికట్టు దగ్గర, బొటనవేలి మొదట్లో అంచు పదును కొంత తేడా చూపించొచ్చు. మీ బండ మీద ఆ రెండు చోట్లా దగ్గరగా ఫోటో తీసి పెట్టండి.