అప్‌డేట్: ప్రసూతి సెలవు తర్వాత తగ్గిన రేటింగ్, చేజారిన క్లయింట్లు

నా ప్రశ్న: "26 వారాల సెలవు ముగించుకుని ఏప్రిల్‌లో సేల్స్ ఉద్యోగంలో చేరాను. పాత క్లయింట్లను తిరిగి ఇవ్వలేదు, మీటింగులకు పిలవడం లేదు, రేటింగ్ కూడా తగ్గించారు. ఏం చేయాలి?"

సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. రేటింగ్‌ను ఏ లెక్కన వేశారో రాతపూర్వకంగా అడగమన్న సూచనే ఫలించింది. 2023-24కు నా టార్గెట్ 60 లక్షలు. సెలవుకు ముందు ఆరు నెలల్లో 33 లక్షలు తెచ్చాను. సెలవు నెలలను తీసివేయకుండా పూర్తి టార్గెట్‌తోనే పోల్చడం వల్ల అది 55 శాతంగా నమోదైంది. పనిచేసిన కాలానికి 30 లక్షలే టార్గెట్ కనుక అసలు లెక్క 110 శాతం. రేటింగ్ తక్కువగా ఉన్నవారికి పెద్ద ఖాతాలు ఇవ్వకూడదన్న నిబంధన మా సంస్థలో ఉన్నందున, క్లయింట్లు రాకపోవడానికీ అదే కారణమని హెచ్‌ఆర్ పరిశీలనలో తేలింది.

ప్రసూతి సెలవులో ఉన్నందుకు ఉద్యోగ షరతులను నష్టం కలిగేలా మార్చడం అప్పట్లో అమల్లో ఉన్న ప్రసూతి ప్రయోజనాల చట్టం, 1961లోని 12వ సెక్షన్ ప్రకారం చెల్లదని నేను సంప్రదించిన న్యాయవాది చెప్పారు. అయితే మీటింగులకు పిలవకపోవడం వంటివి రుజువు చేయడం కష్టమనీ, ముందు అంకెలను పట్టుకోమనీ ఆయన సూచించారు. అది సరైన సలహా అని నా నమ్మకం.

రేటింగ్ సవరించారు, మూడు ఖాతాలు తిరిగి వచ్చాయి. నేను సాయంత్రం త్వరగా ఇంటికి వెళ్లడమే వీటన్నిటికీ కారణమన్న అనుమానానికి ఆధారమేదీ దొరకలేదు. సహోద్యోగులు నాతో ముభావంగా ఉండటం మాత్రం వేరే సంగతి: నేను సెలవులో ఉన్నప్పుడు నా ఖాతాలను అదనపు ఇన్సెంటివ్ లేకుండా మోసింది వారే, ఆ బకాయి ఇంకా తేలలేదు.