బ్లూ కరెక్టర్ ఒక్క గ్రాము: వేర్లకు సరిపోతుంది, కొసలు ఆకుపచ్చగా అవుతున్నయి

హన్మకొండలో సెలూన్ కలరిస్టులకు, అనుభవమున్న అక్కలకు, అన్నలకు ఒక ప్రశ్న. క్లయింట్ జుట్టు వేర్లు లెవెల్ 6కు తేలి నారింజగా ఉన్నయి. పాత బ్లీచ్ కొసలు లెవెల్ 8, పసుపు, బాగా పోరస్. ఫార్ములా: 6.0 షేడ్ 40 గ్రాములు, బ్లూ కరెక్టర్ 1 గ్రాము, 10 వాల్యూమ్ డెవలపర్ 41 గ్రాములు (కరెక్టర్ బరువును కూడా లెక్కలోకి తీసుకున్న).

స్ట్రాండ్ టెస్ట్‌లో వేర్లు చక్కగా న్యూట్రల్ అయినయి, కొసలు మాత్రం ఆకుపచ్చగా వచ్చినయి. పసుపు మీద బ్లూ పడితే అంతే కదా!

కొసలకు వేరే గిన్నెలో బ్లూ తీసేసి, 6.0లో కొంచెం కాపర్ కలపాలనుకుంటున్న. 20 గ్రాములకు అర గ్రాము కాపర్ చాలా? లేక ముందే ఫిల్లర్ వేయాల్నా?