స్వేచ్ఛ ఉన్న బ్యాంకు కంటే రూలుకు కట్టుబడ్డ బ్యాంకు ఎందుకు మేలు? ఒక సందేహం

గోదావరి_గ్రూప్1:
మెయిన్స్‌కి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ద్రవ్యోల్బణం విషయంలో సెంట్రల్ బ్యాంకు చేతులు కట్టేస్తేనే మంచి ఫలితం వస్తుందట. స్వేచ్ఛ ఉన్న బ్యాంకు కావాలంటే ఆ రూలు చెప్పిన పనే తనంతట తాను చేయొచ్చు కదా? పైగా ఇంకో పది దారులు కూడా ఉంటాయి. దారులు ఎక్కువున్నవాడు ఎలా ఓడిపోతాడు? అధికారులు తెలివిలేనివాళ్లనో, అవినీతిపరులనో అనుకోకుండా చెప్పగలరా?

రిటైర్డ్_క్యాషియర్:
రూలంటే డబ్బు సరఫరా ఏటా ఇంత శాతమే పెంచాలని ముందే రాసి పెట్టుకోవడం అమ్మా. మా సర్వీసులో అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల కాలం చూశాం. కేంద్రం ఖాతాలో నిల్వ తగ్గితే చాలు, రిజర్వ్ బ్యాంకు ఆ బిల్లులు తీసుకుని దానంతటదే నింపేది. 1997లో ఆ పద్ధతి ఆపేశారు. తర్వాత 2016లో ద్రవ్యోల్బణానికి లక్ష్యం పెడుతూ చట్టమూ వచ్చింది. ఇక గొడవేముంది?

ఈఎంఐ_బాధితుడు:
గొడవ నాకుంది సార్. ఫ్లోటింగ్ రేటు మీద ఇంటి లోను తీసుకున్నాను. రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే రేటు, అదే రెపో, 2022 మేలో 4 శాతం ఉన్నది 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. మా బ్యాంకు ఈఎంఐ పెంచకుండా గడువు సాగదీసింది, ఎన్నేళ్లు పెరిగిందో చూసుకుని టెన్షన్ పట్టుకుంది. రిజర్వ్ బ్యాంకుకు స్వతంత్రత ఉంటే మా లాంటివాళ్ల కోసం తగ్గించొచ్చుగా?

ఎకనామిక్స్_మాస్టారు:
ఈఎంఐ గారూ, మీలాంటివాళ్లు కోట్లమంది అలా అడుగుతారు కాబట్టే ఈ సమస్య పుట్టింది. మీ సంగతికి మళ్లీ వస్తాను.

గోదావరి గారూ, ముందు మనకు తెలిసిన ఉదాహరణ. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించం అంటుంది ప్రభుత్వం. జనం నమ్మరు, ప్లాట్లు కొంటారు. కొన్నాక వేలమందిని ఇబ్బంది పెట్టడం కంటే ఫీజు కట్టించుకుని వదిలేయడమే ఆ రోజుకు మేలనిపిస్తుంది. తెలంగాణలో 2015లో ఎల్ఆర్ఎస్ అనే క్రమబద్ధీకరణ పథకం వచ్చింది, 2020లో మళ్లీ వచ్చింది. ఇక్కడ ప్రభుత్వానికి తెలివి తక్కువేం కాదు. ఏ రోజుకారోజు సబబైన నిర్ణయమే తీసుకుంది. చిక్కు ఏమిటంటే, అలాగే తీసుకుంటుందని కొనేవాడికి ముందే తెలుసు. 1977లో ఆర్థికవేత్తలు కిడ్‌లాండ్, ప్రెస్కాట్ రాసిన వ్యాసంలో వరద మైదానంలో ఇళ్లు కట్టుకునేవాళ్ల ఉదాహరణ సరిగ్గా ఇలాంటిదే.

ఇప్పుడు ద్రవ్యోల్బణానికి రండి. జీతాల ఒప్పందాలు ఏడాది మొదట్లో కుదురుతాయి. ఆ తర్వాత ధరలు అనుకున్నదానికంటే ఎక్కువ పెరిగితే యజమానికి కూలి చవకైనట్టే, ఇంకొందరిని పనిలో పెట్టుకుంటాడు. ఆ లాభానికి, ధరల నష్టానికి కలిపి, ద్రవ్యోల్బణం శాతాలతో ఊరికే ఒక లెక్క వేద్దాం:

```
స్కోరు = 4 × (వచ్చినది − ఊహించినది) − (వచ్చినది)² / 2
```

జనం 0 ఊహించారు, బ్యాంకు 0 ఇచ్చింది: స్కోరు 0. జనం 0 ఊహించాక బ్యాంకు 4 శాతం ఇస్తే 16 − 8, అంటే +8. ఆశ అక్కడే పుడుతుంది. కానీ జనం ఈ లెక్క వేయలేనివాళ్లు కాదు. వాళ్లు ముందే 4 ఊహించి జీతాలు అడుగుతారు. అప్పుడు బ్యాంకు మాట మీద నిలబడి 0 ఇస్తే స్కోరు −16, ఉద్యోగాలు పోతాయి. 4 ఇస్తే −8. కాబట్టి 4 ఇస్తుంది. ఉద్యోగాలు ఒక్కటీ పెరగలేదు, ధరలు మాత్రం 4 శాతం పెరిగాయి.

మీ ప్రశ్నకు జవాబు ఇదే. స్వేచ్ఛ ఉన్న బ్యాంకు రూలు చెప్పిన పని చేయగలదు, నిజమే. కానీ చేస్తానంటే నమ్మేవాళ్లుండరు. తప్పడానికి వీల్లేని మాటకే 0 స్కోరు దక్కుతుంది.

రిటైర్డ్_క్యాషియర్:
అంటే నేను చెప్పిన రూలే కదా?

ఎకనామిక్స్_మాస్టారు:
సగం, సార్. డబ్బు సరఫరాకు లెక్క కట్టే పద్ధతిని మన రిజర్వ్ బ్యాంకు కూడా 1980ల మధ్య నుంచి 1998 దాకా నడిపింది. చెలామణిలో ఉన్న డబ్బుకూ ధరలకూ మధ్య లంకె నిలకడగా లేకపోవడంతో వదిలేశారు. ఇప్పుడు రూలు లక్ష్యానికే, పనిముట్టుకు కాదు. 2016 చట్ట సవరణ ప్రకారం 4 శాతం అని లక్ష్యం పెట్టేది ప్రభుత్వం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. రెపో ఎంతుండాలో ఆరుగురి కమిటీ తేలుస్తుంది. సగటు వరుసగా మూడు త్రైమాసికాలు హద్దు దాటితే ఎందుకో ప్రభుత్వానికి రాసివ్వాలి.

ఈఎంఐ గారూ, మీ రేటు పెరిగినప్పుడు జరుగుతున్నది అదే. 2022లో ద్రవ్యోల్బణం 6 దాటి కూర్చుంది. మీ కోసం ఆగితే, వచ్చే ఏడాది జీతం అడిగేవాళ్లంతా ఎక్కువ ఊహించుకుని అడుగుతారు.

ఇక "చట్టం ఉంది, గొడవేముంది" అన్న మాట. టర్కీ చూడండి. 2001లోనే సెంట్రల్ బ్యాంకుకు చట్టంలో స్వతంత్రత ఇచ్చారు, లక్ష్యం 5 శాతం. 2019 జులైలో ఒక గవర్నర్‌ని తీసేశారు, 2020 నవంబరులో ఇంకొకరిని. మూడో ఆయన నాజీ ఆబాల్ 2021 మార్చిలో రేటును 19 శాతానికి పెంచారు, రెండు రోజులకే ఆయన్నీ తీసేశారు. సోమవారం మార్కెట్ తెరవగానే వాళ్ల కరెన్సీ లీరా కుప్పకూలింది. ఆ క్షణానికి రేటు ఇంకా 19 శాతమే! మారిందల్లా ఇక ముందు ఏం చేస్తారన్న అంచనా.

సెప్టెంబరు నుంచి డిసెంబరులోపు 19ని 14 చేశారు. దాదాపు 20 శాతం ఉన్న ద్రవ్యోల్బణం ఆ డిసెంబరుకు 36 దాటింది, 2022 అక్టోబరుకు 85. జనం డాలర్లకు మళ్లుతుంటే, లీరా పడితే ఆ నష్టం మేం భరిస్తాం అని డిపాజిటర్లకు ప్రభుత్వం హామీ ఇవ్వాల్సి వచ్చింది. 2023 ఎన్నికల తర్వాత దారి మార్చి, 8.5 దాకా దింపిన రేటును 2024 మార్చికి 50 చేశారు. పోయిన నమ్మకానికి కట్టిన ధర అంత.

టమాటా_రైతు_కొడుకు:
మాస్టారూ, రెండు అభ్యంతరాలు. ఒకటి, వడ్డీ ఎక్కువైతేనే ధరలు పెరుగుతాయని టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్ బహిరంగంగానే అనేవారు. అది మీరు చెప్పిన ఆశ కాదు, తప్పు నమ్మకం. పైగా 2022లో ఇంధనం ధరలు అంతటా పెరిగాయి. రెండు, 2023 జులైలో టమాటా వంద దాటింది, ద్రవ్యోల్బణం 7.44 చూపించింది. మన ధరల సూచీలో అప్పుడు ఆహారం, పానీయాల వాటా దాదాపు 46 శాతం. వాన చెడగొట్టిన పంటకు రెపో పెంచితే మదనపల్లె యార్డుకు లారీలు వస్తాయా?

ఎకనామిక్స్_మాస్టారు:
మొదటిది ఒప్పుకుంటాను, టర్కీ మన లెక్కకు అచ్చుగుద్దిన ఉదాహరణ కాదు. కానీ ఇంధనం అందరికీ పెరిగినా 85 అందరికీ రాలేదు.

రెండోదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ జులై తర్వాత కమిటీ రెపోను 6.5 దగ్గరే ఉంచింది, వెసులుబాటు ఉన్నది అందుకే. ఆహారాన్ని తీసేసి లక్ష్యం పెట్టుకునే సంగతి పరిశీలించాలని 2023-24 ఆర్థిక సర్వే అంది. నాకు ఒప్పుదల కాదు. జనం ధరల్ని కూరగాయల బండి దగ్గరే ఊహించుకుంటారు, జీతాలూ ఆ లెక్కనే అడుగుతారు.

టమాటా_రైతు_కొడుకు:
అదే బండి దగ్గర మా నాన్నకు కిలో రెండు రూపాయలొచ్చిన రోజులూ ఉన్నాయి. ఆ నెలల్లో ఎవరూ కమిటీ వేయలేదు.

గోదావరి_గ్రూప్1:
−16, −8 లెక్కతో అర్థమైంది మాస్టారూ, థాంక్స్. కానీ ఇంకొకటి. 2022లో మూడు త్రైమాసికాలు హద్దు దాటాయి, నవంబరు 3న కమిటీ ప్రత్యేకంగా కూర్చుని ప్రభుత్వానికి రిపోర్టు పంపింది. దాన్ని బయటపెట్టలేదు. మాట ఎందుకు తప్పిందో జనం చదవలేకపోతే, వాళ్ల ఊహ ఎలా సర్దుకుంటుంది?

రిటైర్డ్_క్యాషియర్:
లోపలి ఉత్తరాలు బయట పెడితే మార్కెట్ గందరగోళమవుతుందమ్మా.

ఎకనామిక్స్_మాస్టారు:
ఈ విషయంలో నేను గోదావరి గారి వైపు.

ఈఎంఐ_బాధితుడు:
నా గడువు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.