ప్రయాణం ఎంతసేపు: 60 అప్పు తెచ్చుకునే తీసివేతా, గీత మీద ముందుకు లెక్కబెట్టడమా?

హన్మకొండ వలంటీర్:
మా వయోజన కేంద్రంలో వచ్చే పాఠం రైలు టైంటేబుల్ మీద. గంటన్నర టైం ఉంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. గడియారం చూడగలరు, మామూలు తీసివేతలు వచ్చు. బయల్దేరే టైం, చేరే టైం చూసి ప్రయాణం ఎంతసేపో చెప్పగలగాలి. నిలువు తీసివేతలో 60 అప్పు తెచ్చుకోవడం నేర్పాలా, గీత గీసి ముందుకు లెక్కబెట్టించాలా? రెండూ చెప్పేంత టైం లేదు, ఒక్కటే ఎంచుకోవాలి.

జమ్మికుంట లెక్కల సార్:
తీసివేతే చెప్పండి. వచ్చిన పనిని వదిలి కొత్తది ఎందుకు? 60 అప్పు కష్టమనిపిస్తే ఇంకా తేలిక దారి ఉంది. మామూలు అంకెల్లాగే తీయమనండి. నిమిషాలు 59 దాటితే అందులోంచి 40 తగ్గించాలి, అంతే. 8:55కు ఎక్కి 10:50కి దిగితే 1050లోంచి 855 పోగా 195. అంటే గంటా 95 నిమిషాలు. 95లోంచి 40 పోతే 55. గంటా 55 నిమిషాలు, సరైన జవాబు.

రాత్రిబడి అక్క:
సార్, ఆ 40 ఎక్కడిదో మీకు తెలుసు. 60 తేవాల్సిన చోట 100 తెచ్చాం కాబట్టి 40 ఎక్కువ పడింది. కానీ ఆ తప్పు ప్రతిసారీ 59 దాటి కనబడదు. కింది చార్టు చూడండి. పాఠం కోసం రాసిన టైములివి, ఏ రైలువీ కావు. స్టేషన్ల వరుస మాత్రం నిజమైనదే.

మంచిర్యాల: బయల్దేరేది 08:55
పెద్దపల్లి: వచ్చేది 09:33, బయల్దేరేది 09:35
జమ్మికుంట: వచ్చేది 10:05, బయల్దేరేది 10:07
కాజీపేట: వచ్చేది 10:50

మంచిర్యాల నుంచి జమ్మికుంటకు మీ పద్ధతిలో చేయండి. 1005లోంచి 855 పోతే 150. గంటా 50 నిమిషాలు. 59 దాటలేదు కాబట్టి ఎవరూ 40 తగ్గించరు. అసలు జవాబు గంటా 10 నిమిషాలు. ఎక్కిన నిమిషాలు దిగిన నిమిషాల కన్నా 41 గానీ అంతకు మించి గానీ ఎక్కువుంటే తప్పు ఇట్లనే దాక్కుంటుంది. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 10.05 - 8.55 కొట్టినా 1.5 వస్తుంది. దాన్ని ఒకరు గంటన్నర అంటారు, ఇంకొకరు గంటా ఐదు నిమిషాలు అంటారు. రెండూ తప్పే.

అందుకే వలంటీర్ గారూ, నా మాట గీతకే. అడ్డంగా ఒక గీత గీసి ఎడమ కొసన 8:55, కుడి కొసన 10:05 రాయించండి. నడుమ కొలతలు, చిన్న గీతలు ఏమీ వద్దు. 8:55 నుంచి 9కి 5 నిమిషాలు, 9 నుంచి 10కి గంట, 10 నుంచి 10:05కు మళ్లీ 5. మొత్తం గంటా 10.

గీత కన్నా ముందు ఒక పని ఉంది. పెన్ను పట్టకముందే నోటితో అంచనా చెప్పించండి: "తొమ్మిదికి కొంచెం ముందు ఎక్కినం, పది దాటినంక దిగినం, అంటే గంట మీద కొంచెం." ఇది చెప్పిన మనిషి ముందు గంటా 50 నిలబడదు. తప్పు పట్టేది ఈ అంచనాయే, పద్ధతి ఏదైనా సరే.

లెక్కల వరుస కూడా చూసుకోండి. పెద్దపల్లి నుంచి కాజీపేటతో మొదలుపెట్టొద్దు. 9:35 నుంచి 10:50 వరకు అప్పు అవసరమే రాదు. మామూలు తీసివేతకే గంటా 15 సరిగ్గా వచ్చేస్తుంది, అదే అలవాటు గట్టిపడుతుంది. మొదట మంచిర్యాల–జమ్మికుంట, తర్వాత మంచిర్యాల–కాజీపేట, చివరికి పెద్దపల్లిది.

పోలీస్ నోటిఫికేషన్ 24:
దూరాన్ని వేగంతో భాగిస్తే టైం వస్తది గదా అన్నా, ఇంత చర్చ ఎందుకు? మంచిర్యాల నుంచి కాజీపేటకు ఎన్ని కిలోమీటర్లో చెప్పండి, అర నిమిషంల తీస్త. కానిస్టేబుల్ పేపర్లల్ల అన్నీ ఇవే వస్తయి.

రాత్రిబడి అక్క:
తమ్ముడూ, ఇక్కడ అడిగింది ఆ లెక్క కాదు. చార్టులో వేగం రాసి ఉండదు. రైలు మధ్యలో ఆగుతుంది, అన్ని చోట్లా ఒకే వేగంతో పోదు. చేతిలో ఉన్నవి రెండు టైములే.

జమ్మికుంట లెక్కల సార్:
40 తగ్గించే మాట వెనక్కి తీసుకుంటున్నా, 150 సంగతి సరే. కానీ గీత మీద 60 బాధ పోయిందనుకోవడం కూడా సరికాదు. 8:20 నుంచి 10:45 చూడండి. 9కి 40 నిమిషాలు, 10కి గంట, ఆపైన 45. కూడితే గంటా 85. మళ్లీ 60 తీసి గంటగా మార్చాల్సిందే కదా అమ్మా? తీసివేతలో తప్పించిన మెలిక కూడికలో వచ్చింది.

రాత్రిబడి అక్క:
నిజమే సార్. అలాంటి చోట ముందు గంటలు దూకించాలి. 8:20 నుంచి 10:20కి రెండు గంటలు, అక్కడి నుంచి 10:45కు 25 నిమిషాలు. దిగే నిమిషాలు ఎక్కువుంటే గంటలు ముందు, తక్కువుంటే నిండు గంటకు చేరడం ముందు.

జమ్మికుంట లెక్కల సార్:
అప్పుడు రెండు నియమాలయ్యాయి. ఏది ఎప్పుడో గుర్తుపెట్టుకోవడం 60 అప్పు కన్నా తేలికని నాకింకా అనిపించడం లేదు. 10:05ను 9 గంటల 65 నిమిషాలుగా రాసుకుంటే 65లోంచి 55 పోతే 10, 9లోంచి 8 పోతే 1. ఒక్కటే దారి, అన్నిటికీ పనిచేస్తుంది.

రాత్రిబడి అక్క:
పనిచేస్తుంది సార్. రాసే అలవాటున్న వాళ్లకు మీ దారే చురుకు. ప్లాట్‌ఫాం మీద కాగితం లేకుండా చేయాల్సిన వాళ్లకు గీతే నోటికొస్తుంది. మొదటి పాఠానికి నేను దాన్నే పట్టుకుంటా.

నర్సంపేట రోడ్డు:
లెక్క కన్నా ముందు చూపు తప్పుతుంది, దాన్ని ఎవరూ అనలేదు. జమ్మికుంటలో దిగేవాళ్లు 10:05 చూడాలి, ఎక్కేవాళ్లు 10:07 చూడాలి. ఒకటికొకటి చూస్తే తేడా రెండు నిమిషాలే. కానీ పెద్ద జంక్షన్‌లో బండి ఎక్కువసేపు ఆగితే అదే పొరపాటు పావుగంట అవుతుంది. పైగా కన్ను పక్క వరుసలోకి జారుతుంది. ఇద్దరికొక కాగితం, పెద్ద అక్షరాలు, వరుస కింద పెట్టుకోను ఒక అట్టముక్క ఇవ్వండి. లెక్కకు ముందు పది నిమిషాలు "ఎక్కే టైం మీద వేలు పెట్టండి, దిగే టైం మీద పెట్టండి" అని మాత్రమే చేయించండి.

బస్సును ఈ పాఠంలో కలపొద్దు. బస్టాండ్ బోర్డుల మీద ఎక్కువగా బయల్దేరే టైములే ఉంటాయి. చేరే టైం లేని చోట ఈ లెక్కే కుదరదు, కండక్టర్‌ను అడగాలి. 24 గంటల టైం మాత్రం వదలొద్దు. స్టేషన్‌లో సాయంత్రం బండి 17:40 అనే ఉంటుంది.

రాత్రిబడి అక్క:
17:40 వేరే పాఠం. ఒకే రోజు రెండు కొత్త సంగతులు పెడితే తప్పు దేనివల్ల వచ్చిందో మనకే తెలియదు. పొద్దటి బండి ఒక్కటే పెట్టండి.

నర్సంపేట రోడ్డు:
ఒప్పుకోను. వాళ్లు స్టేషన్‌కు పోయేది పొద్దున ఒక్కటే కాదు. 17లోంచి 12 పోతే 5 అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అర్ధరాత్రి దాటే బండ్లయితే వేరే పాఠమే, అది నిజం. 15వ తేదీ 00:20 బండికి 14 రాత్రే స్టేషన్‌లో ఉండాలని తెలియక 15 రాత్రి పోతే బండి వెళ్లిపోయి దాదాపు రోజవుతుంది.

హన్మకొండ వలంటీర్:
గీతతోనే పోతున్నా. అక్క చార్టు ఉన్నదున్నట్టు, అట్టముక్కలతో. మొదట వేలు పెట్టడం, తర్వాత అంచనా, ఆ తర్వాత మూడు లెక్కలు అక్క చెప్పిన వరుసలో. చివరి పెద్దపల్లి లెక్క కూడా సార్ అన్న 8:20–10:45 లాంటిదే, అక్కడ మాత్రం గంటలు ముందు దూకిస్తా. పాఠం చివర్లో 17:40ను బోర్డు మీద చూపించి ఊరుకోవాలా, అసలే ఎత్తొద్దా, ఇంకా తేల్చుకోలేదు. ఒకే బండి కాలమ్‌కు బదులు రెండు బండ్లవి పక్కపక్కన ఇస్తే కన్ను జారడం ఎక్కువవుతుందా, సార్?

జమ్మికుంట లెక్కల సార్:
అవుతుంది. రెండోది చివరి పావుగంటలో ఇవ్వండి, "ఏ బండి తొందరగా చేరుస్తుంది?" అని అడగండి. ముందు బయల్దేరేదే ముందు చేరుతుందని చాలామంది అంటారు. కాబట్టి రెండో బండి మంచిర్యాలలో 9:10కి బయల్దేరి కాజీపేటకు 10:40కి చేరేటట్టు రాయండి.